ఉప్పు చాలలేదు

కిందటి వారం చదవని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. హనుమాన్ జంక్షన్‌లో నూజివీడు రోడ్డు మలుపు దగ్గర పచ్చళ్ల కొట్టు నడిపే రామకోటేశ్వరరావుకు నలభై ఆరేళ్లు. తలనొప్పితో ఆయనకు చాలాకాలంగా కాపురం. నొప్పి వచ్చినప్పుడల్లా మందుల షాపు నుంచి ఒక నొప్పి మాత్ర తెప్పించుకుని మింగటం, ఆవపిండి ఘాటుకు వచ్చిందని సరిపెట్టుకోవటం, మళ్లీ గల్లా దగ్గర కూర్చోవటం, ఇదీ వరస. వర్తక సంఘం వాళ్లు ఏటా పెట్టే ఆరోగ్య శిబిరంలో "ఉపాధ్యక్షులు మీరే ముందు కూర్చోవాలండీ" అంటే, పదిమందికీ ధైర్యం చెప్పటానికని చెయ్యి చాపాడు. ధైర్యం చెప్పబోయిన మనిషికే బీపీ నూట డెబ్బై రెండు బై నూట ఆరు అని వచ్చింది. నర్సు ఆయన్ని ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి మళ్లీ చూసింది. నూట అరవై ఎనిమిది బై నూట నాలుగు. రెండో చేతికి చూసినా అంతే.

ఊళ్లోనే క్లినిక్ ఉన్న డాక్టర్ డయానా మరో రోజు చూసి, బీపీ రెండో దశలో ఉందని ఖాయం చేసింది. రక్తం, మూత్రం, ఇసిజి పరీక్షలు చేయించింది. రోజూ పొద్దున వేసుకోవటానికి ఒక మాత్ర రాసింది. అందులో రెండు మందులు కలిసే ఉన్నాయి. నొప్పి మాత్రల జోలికి పోవద్దంది, ఉప్పు తగ్గించమంది. అది జరిగి రెండు వారాలైంది. ఇప్పుడు ఆయన, భార్య కనకలక్ష్మి, మళ్లీ ఆ క్లినిక్ బెంచీ మీదే కూర్చుని ఉన్నారు.

కోటేశ్వరరావుకు ఈ మధ్య కూర్చుంటే లేవబుద్ధి కావటం లేదు. మే నెల ఎండలు, ఆవకాయ రోజులు. ఏటా ఈ రోజుల్లో ఒళ్లు హూనం కావటం మామూలే. కానీ ఈసారి కాళ్లల్లో ఇసుక పోసినట్టుంది. మాత్రల వల్లే అయివుంటుందని ఆయన అనుమానం. ఆ మాట పైకి అంటే కనకలక్ష్మి ఊరుకోదని అనలేదు.

"టీ తాగారా?" అని అడిగింది డాక్టర్ డయానా, పట్టీ చేతికి చుడుతూ.

"లేదండీ. మీరు వద్దన్నారుగా."

"వీపు కుర్చీకి ఆనించండి. కాళ్లు ఒకదాని మీద ఒకటి వెయ్యకండి. చెయ్యి బల్ల మీద వదిలెయ్యండి. మాట్లాడకూడదు."

మాట్లాడకుండా కూర్చోవటం కోటేశ్వరరావుకు మాత్ర మింగటం కంటే కష్టం. గోడ మీద క్రీస్తు పటం కిందున్న క్యాలెండర్లో మామిడిపళ్ల బొమ్మ చూస్తూ కూర్చున్నాడు. మిషను బుస్సుమని బిగిసి మెల్లగా వదిలింది. డాక్టరు ఒక నిమిషం ఆగి మళ్లీ చూసింది. రెండు అంకెలూ రాసుకుని కళ్లజోడు తీసింది.

"నూట అరవై రెండు బై తొంభై ఎనిమిది. తగ్గింది గానీ, ఈ మందుకి తగ్గాల్సినంత తగ్గలేదు. మాత్ర రోజూ వేసుకుంటున్నారా?"

"నా ఎదురుగానే వేయిస్తున్నానండీ," అంది కనకలక్ష్మి. "నోరు తెరిచి చూపించమంటున్నాను కూడా."

"నొప్పి మాత్రలు?"

"ముట్టుకోవట్లేదండీ," అన్నాడాయన. "విచిత్రం ఏంటంటే, అవి మానేశాక తలనొప్పి కూడా తగ్గింది."

"విచిత్రమేం లేదు. అవి రోజు మార్చి రోజు వేసుకుంటూ పోతే అవే తలనొప్పి తెస్తాయి. పైగా అవి ఒంట్లో ఉప్పునీ నీళ్లనీ పట్టి ఉంచుతాయి, కిడ్నీలకి రక్తం సరిగా అందనివ్వవు, బీపీని పెంచుతాయి. మీ కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ కొంచెం ఎక్కువుండటానికీ, మూత్రంలో ప్రోటీన్ పోవటానికీ, అటు బీపీ చెయ్యీ ఉంది, ఇటు ఆ మాత్రల చెయ్యీ ఉంది."

"అంటే తలనొప్పి బీపీ వల్ల కాదా?"

"చాలామందికి బీపీ ఇంత ఉన్నా ఏ నొప్పీ ఉండదండీ. అదే దాంతో వచ్చిన చిక్కు. నొప్పి ఉంటే ముందే వచ్చేవాళ్లు. నొప్పి తగ్గింది కాబట్టి బీపీ తగ్గిందనుకోకండి. ఇసిజిలో గుండె ఎడమ గోడ కాస్త మందమైనట్టు కనపడుతోంది. ఇరుకు గొట్టంలోకి ఏళ్ల తరబడి నీళ్లు తోసిన మోటారులాగా మీ గుండె బరువు లాగుతోంది. మీకేమో తెలియట్లేదు." డాక్టరు కనకలక్ష్మి వైపు తిరిగింది. "ఇంట్లో ఉప్పు సంగతి?"

"అది నాకు వదిలెయ్యండి," అంది కనకలక్ష్మి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో కొంచెం గర్వం కూడా కనిపించింది. "మీరు చెప్పిన మర్నాడే ఇంట్లో ఉప్పు సంగతి మొత్తం చూసుకున్నాను."

"మంచిది. మరి కొట్లో?"

"కొట్లో నేనేం తిననండీ," అన్నాడు కోటేశ్వరరావు. "రుచి చూస్తాను, అంతే."

డాక్టరు రాస్తున్నది ఆపింది. "రుచి చూట్టం అంటే?"

ఆ అడగటం ఆయనకు ఉత్సాహం తెచ్చింది. తన పని గురించి ఎవరైనా అడిగితే కోటేశ్వరరావుకు నీరసం గుర్తుండదు. వాళ్ల నాన్న పెట్టిన పద్ధతి చెప్పుకొచ్చాడు. కొట్టుకు ఒకటే నాలుక ఉండాలి. పదిమంది రుచి చూస్తే పచ్చడి పది రకాలుగా పోతుంది. అందుకని ఏ జాడీ మూత తీసినా, ఏ రకం కొత్తగా కలిపినా, ముందు యజమాని నోటికి రావాలి. ఇంటావిడ వెనక వసారాలో వేడి అన్నంలో ఆ పచ్చడి కలిపి చిన్న పళ్లెంలో ముద్ద పంపిస్తుంది. ఆయన గల్లా దగ్గరే కూర్చుని నోట్లో వేసుకుని సరే అంటే సరే, ఉప్పు చాలలేదంటే చాలలేదు. దాన్ని వాళ్ల కొట్లో రుచి పళ్లెం అంటారు.

"ఇలా రోజుకి ఎన్ని పళ్లేలు?"

"లెక్కేముందండీ. మామూలు రోజుల్లో ఓ మాదిరిగా ఉంటాయి. ఈ నెలలో అయితే పొద్దున్నుంచీ వస్తూనే ఉంటాయి. గోంగూర, ఉసిరి, మాగాయ, ఆవకాయలోనే నాలుగు రకాలు..."

"అవన్నీ మింగుతారా, ఉమ్మేస్తారా?"

కోటేశ్వరరావు నొచ్చుకున్నాడు. "అన్నం ఎవరైనా ఉమ్మేస్తారా అండీ?"

డాక్టరు కలం మూత పెట్టింది. నవ్వాలో కోప్పడాలో తేల్చుకోలేక వదిలేసినట్టుంది. "చూడండి. మనిషికి రోజు మొత్తానికి కావలసిన ఉప్పు ఒక చిన్న చెంచాడు. అంతకంటే తక్కువైనా నష్టం లేదు. మీ ఆవకాయ పెద్ద చెంచాతో మూడు చెంచాలు తింటే ఆ రోజు కోటా అక్కడికి సరి. మీరు ఇంట్లో చప్పిడి తిని కొట్లో వారం కోటా తింటున్నారు. ఒంట్లో ఉప్పు ఎక్కువైతే దాంతోపాటు నీళ్లు నిలుస్తాయి, రక్తనాళాల్లో ఒత్తిడి పెరుగుతుంది. నాలుక్కి రుచి చూడటం, తినటం వేరు కావచ్చు. కిడ్నీలకి రెండూ ఒకటే."

కోటేశ్వరరావు మళ్లీ మామిడిపళ్ల క్యాలెండర్ వంక చూశాడు.

"ఇంకొకటి. ఉప్పు ఎక్కువ తినేవాళ్ల నాలుక దానికి అలవాటు పడిపోతుంది. పోయినేడు సరిపోయిన ఉప్పు ఈ ఏడు చప్పగా ఉంటుంది. భయపడక్కర్లేదు. తగ్గిస్తే నెలా రెండు నెలల్లో నాలుక మళ్లీ తేరుకుంటుంది. అప్పటిదాకా ఆ పళ్లెం ఇంకెవరికైనా ఇవ్వండి."

ఆ మాటకు కనకలక్ష్మి తల వంచుకుంది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. డాక్టరు అది చూసింది గానీ, అలసటనుకుంది. వెళ్లేముందు రక్తం ఇచ్చి వెళ్లమంది. ఈ మందు మొదలుపెట్టిన రెండు వారాలకు కిడ్నీ పరీక్షా, పొటాషియమూ మళ్లీ చూడాలట. ఫలితం సాయంత్రానికి వస్తుంది, తేడా ఉంటే ఫోన్ చేస్తానంది.

ఆటోలో కొట్టుకు బయల్దేరారు. విజయవాడ వైపు పోయే బస్సులు హారన్లు కొడుతూ పక్కనుంచి దూసుకుపోతున్నాయి. కొట్టు ముందు దిగాక కోటేశ్వరరావు గుమ్మం మెట్టు ఎక్కబోయి తలుపు పట్టుకుని ఆగాడు.

"కొబ్బరిబోండం కొట్టించనా?" అంది ఆమె. నీరసంగా ఉందని ఆయన నోరు జారి అన్న రోజు నుంచీ పూటకో బోండం కొట్టించి తాగిస్తోంది.

"తర్వాత. ఇవాళ మూడోనాడు."

మూడోనాడంటే పచ్చడి ఇళ్లల్లో చిన్న పండగ. ఆవకాయ కలిపిన మొదటి రోజు ఎవరూ రుచి తేల్చరు. ముక్క ఊరి, ఊట దిగి, నూనె పైకి తేలాక, మూడో రోజున తిరగ కలుపుతారు. అప్పుడు చూస్తారు ఉప్పు. తక్కువైతే అప్పుడే కలపాలి, లేకపోతే వానాకాలానికి బూజు పడుతుంది. ఎక్కువైతే చేసేదేమీ లేదు. ఈ ఏటి మొదటి పెద్ద విడత ఆవకాయ వెనక వసారాలో నాలుగు గంగాళాల నిండా ఎర్రగా ఉంది. నూజివీడు నుంచి కోరి తెప్పించిన కాయ. టెంక పెంకుతో సహా చదరంగా పడ్డ ముక్క. మణెమ్మ అప్పటికే చేతులు మోచేతులదాకా కడుక్కుని, తెడ్డు పట్టుకుని సిద్ధంగా ఉంది. కోటేశ్వరరావు తండ్రి రోజుల నుంచీ ఈ వసారాలో కలిపే చెయ్యి ఆమెదే.

ఆయన గల్లా వెనక కుర్చీలో కూలబడి, ఎప్పటిలాగే కేక వేశాడు. "కనకం, పళ్లెం."

పళ్లెం రాలేదు. కనకలక్ష్మి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"డాక్టరుగారు ఏం చెప్పారు?"

"చెప్పారు. రేపట్నుంచి మానేస్తా. మూడోనాడు నేను చూడకుండా జాడీల్లోకి ఎత్తుతామా?"

"నేను చూశాను. సరిపోయింది."

"నువ్వు చూడటమేంటి?" ఆయనకు నిజంగానే అర్థం కాలేదు. వాళ్లమ్మ ఉన్న రోజుల్లోనూ ఈ ఇంట్లో ఆడవాళ్లు కలిపారే గానీ తీర్పు చెప్పలేదు. "డాక్టరుగారికి బీపీ తెలుసు గానీ ఆవకాయ తెలుసా? పళ్లెం తీసుకురా."

"తీసుకురాను."

వాళ్ల పెళ్లై ఇరవై ఏళ్లు దాటింది. తీసుకురాను అన్న మాట ఈ గుమ్మంలో వినపడటం అదే మొదలు. కోటేశ్వరరావు సంగతి మనకు తెలిసిందే, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. వసారాలోకి వెళ్లి మణెమ్మతో, "నువ్వు పెట్టు," అన్నాడు.

మణెమ్మ కనకలక్ష్మి ముఖంలోకి చూసింది. అక్కడ ఏ సైగా కనపడక, గంగాళంలోంచే ఒక ముక్కా, కాస్త పిండీ తీసి అన్నంలో కలిపి ఆయన చేతిలో పెట్టింది.

ఆయన నోట్లో వేసుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు. మళ్లీ తెరిచాడు.

"ఇదేంటి?"

మణెమ్మ తల వంచుకుని తెడ్డు అంచు తుడిచింది.

"ఎవరు కొలిచారు ఉప్పు? పులుపుంది, కారం ఉంది. ఉప్పన్నదే లేదు." రెండో గంగాళంలో వేలు ముంచి నాకాడు. మూడోదీ అంతే. ఆయన ముఖం పాలిపోయింది. "నాలుగు గంగాళాలూ ఇంతే. పోయింది మొత్తం. ఆషాఢం వచ్చేసరికి బూజు పట్టి కూర్చుంటుంది. మణెమ్మా, ఇన్నేళ్లలో ఎప్పుడైనా ఇట్టా చేశావా?"

మూలనున్న పెద్ద బేసిన్‌లో దంచిన కళ్లుప్పు తెల్లగా కుప్పగా ఉంది. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తాడు. ఎత్తి, మొదటి గంగాళం మీదకు వంచబోయేసరికి కనకలక్ష్మి ఆ మణికట్టు పట్టుకుంది.

"వద్దు. అందులో ఉప్పు సరిపోయింది."

"వదులు కనకం. నా నోటికి తెలియదా?"

"తెలియదు," అంది ఆమె. "మూడేళ్లయింది మీకు తెలియక."

మణెమ్మ తెడ్డు గంగాళానికి ఆనించి, బయట ఆరేసిన మిరపకాయలు చూసొస్తానని మెల్లగా వెళ్లిపోయింది. బేసిన్ ఇంకా ఇద్దరి చేతుల మధ్యే ఉంది. కనకలక్ష్మి దాన్ని లాక్కుని కింద పెట్టింది. ఆమెకు ఏడుపేమీ రాలేదు. చాలా దూరం మూట మోసి దింపుకున్న మనిషి గొంతులా ఉంది ఆమె గొంతు.

"మూడేళ్ల కిందట కైకలూరు వాళ్లు ఆవకాయ వెనక్కి తెచ్చిచ్చారు. మీరు లేరప్పుడు. నోట్లో పెట్టుకోలేకపోతున్నాం, ఉప్పు కొరుకుతోంది అన్నారు. ఆ వారంలోనే ఇంకో ఇద్దరు. నేను తిని చూశాను. నిజమే. మీరు చాలలేదు చాలలేదంటే వేసుకుంటూ పోయిన ఉప్పు అది. మీకు చెప్దామని వచ్చాను. ఆ పూట మీరు గల్లా దగ్గర కూర్చుని ఎవరితోనో అంటున్నారు, మా నాన్న నాకు కొట్టు ఇవ్వలేదయ్యా, నాలుక ఇచ్చాడు అని. నా నోరు పెగల్లేదు."

"అయితే?"

"అయితే ఏముంది. మావయ్యగారి కొలత మణెమ్మకి నోటికొచ్చు. ఆ కొలత ప్రకారమే కలపమన్నాను. మీ పళ్లెంలో ముద్దకి మాత్రం విడిగా చిటికెడు ఉప్పు కలిపి పంపేదాన్ని. మీరు సరే అనేవాళ్లు. బయట అందరికీ పచ్చడి బాగుండేది. మీకూ బాగుండేది."

కోటేశ్వరరావు గోడకు ఆనుకున్నాడు.

"చిటికెడేనా?"

"మొదట్లో చిటికెడే. తర్వాత తర్వాత మీరు దానికీ చాలలేదనేవాళ్లు."

డాక్టరు చెప్పిన మాటలు ఆయనకు ఒక్కొక్కటే తిరిగి వస్తున్నాయి. నాలుక అలవాటు పడిపోతుంది. పోయినేడు సరిపోయింది ఈ ఏడు చప్పగా ఉంటుంది. గుండె గోడ మందమవుతుంది, తెలియదు. పళ్లెం తర్వాత పళ్లెం, ఎండాకాలం తర్వాత ఎండాకాలం, తను దర్జాగా కూర్చుని తీర్పులు చెబుతున్నాననుకున్నాడు. ఆ తీర్పు వసారా దాటి బయటికి పోలేదు. అది తన ఒంట్లోకే పోయింది.

"అంటే మూడేళ్లుగా నేనిక్కడ ఉత్సవ విగ్రహాన్ని," అన్నాడు చివరికి.

"అట్టా అనకండి."

"మరెట్టా అననూ? మణెమ్మకి తెలుసు, నీకు తెలుసు. పచ్చడి అద్భుతంగా ఉందండీ అని జనం నాతో అంటుంటే మీసం తిప్పుకునేవాణ్ణి. నవ్వుకున్నారా మీరిద్దరూ?"

"ఒక్కసారి కూడా నవ్వుకోలేదు." ఆమె చెయ్యి కొంగుకు తుడుచుకుంది. "భయపడ్డాను. ఏదో ఒకరోజు మీరే లేచి వచ్చి గంగాళంలో వేలు పెడతారని భయం. ఆ శిబిరం రోజు నుంచీ ఇంకో భయం. డాక్టరుగారు ఇవాళ పళ్లెం సంగతి అడుగుతుంటే నేను మనిషిని కాను. మీ పరువు పోకూడదనుకున్నాను. మీ ప్రాణం మీదకి తెస్తున్నానని తెలియదు. నా చేత్తోనే పోశాను, నాకు తెలియదు."

కోటేశ్వరరావుకు అరవాలని ఉంది. అరిచే ఓపిక లేదు. నిలబడే ఓపికా లేదు. ముక్కలు కోసే పీట మీదే కూర్చుని, మోకాళ్ల మీద చేతులు వేసుకుని చాలాసేపు గంగాళాల వంక చూశాడు. నూనె తేరి, ఎర్రగా, కంటికి ఇంపుగా ఉంది ఆవకాయ. వాళ్ల నాన్న చేతి ఆవకాయ ఇలాగే ఉండేది.

"ఇది నాన్న కొలతేనా?" అన్నాడు.

"రవ్వంత కూడా మార్చలేదు."

"మరి నాకు చప్పగా ఉంది కనకం." నాన్న పోయినరోజున కూడా ఇంత దిక్కుమాలిన మాట అనలేదు ఆయన. "నాన్న పచ్చడి నా నోటికి చప్పగా ఉంది."

ఆమె పక్కనే నేల మీద కూర్చుంది. చెయ్యి ఆయన మోకాలి మీద పెట్టింది. ఆయన తోసెయ్యలేదు, పట్టుకోనూ లేదు. కాసేపటికి మణెమ్మ తిరిగి వచ్చింది. మిరపకాయలు ఆరాయని చెప్పి, ఇద్దరి ముఖాలూ చూడకుండా తెడ్డు అందుకుంది.

"జాడీల్లోకి ఎత్తమంటారా బాబుగారూ?"

కోటేశ్వరరావు భార్య వంక చూశాడు. అడిగింది ఆయన్నే. ఎప్పుడూ ఆయన్నే అడుగుతారు.

"అమ్మగారిని అడుగు," అన్నాడు.

కనకలక్ష్మి తల ఊపింది. మణెమ్మ ఎత్తటం మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఎండ దిగింది. కోటేశ్వరరావు వెనకింటి అరుగు మీద చాప వేసుకుని పడుకున్నాడు. కొట్లో ఎవరో ఆవకాయ అడుగుతున్నారు, మణెమ్మ తూచి ఇస్తోంది. గల్లా దగ్గర తను లేకపోయినా అమ్మకం సాగుతోంది. మూడేళ్లుగా సాగుతున్నది అదే కదా అనుకున్నాడు. కోపం రావాల్సినచోట నీరసం వచ్చి కూర్చుంది.

కనకలక్ష్మి గ్లాసుతో మజ్జిగ తెచ్చింది. అందులో నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి కలిపింది.

"మళ్లీ ఉప్పా?" అన్నాడు ఆయన. కొంచెం నవ్వటానికి ప్రయత్నించాడు.

"ఇది ఆ ఉప్పు కాదు. ఇది బీపీ ఉన్నవాళ్ల కోసమేనట. ఏలూరు సూపర్ మార్కెట్‌లో అబ్బాయి చెప్పాడు, ఇది ఎంత తిన్నా ఏం కాదమ్మా అని. డాక్టరుగారు చెప్పిన మర్నాడే తెచ్చాను. కూరల్లో, పప్పులో, అన్నిట్లో ఇదే. మంచి ఉప్పేగా అని చెయ్యి బిగించకుండానే వేస్తున్నాను. చప్పిడి కూడు పెడితే మీరు తినరుగా."

ఆయన గ్లాసు అందుకుని సగం తాగాడు. ఎక్కడో అడుగున కొద్దిగా చేదు తగిలింది. తన నాలుకను తానే నమ్మలేని రోజు కాబట్టి ఏమీ అనలేదు.

చాప పక్కన ఫోన్ మోగింది. డాక్టర్ డయానా.

"కోటేశ్వరరావు గారూ, రిపోర్టు వచ్చింది. ఐదు దాటకూడని పొటాషియం మీకు ఆరు దాటింది. రెండు వారాల కిందట బాగానే ఉంది. క్రియాటినిన్ కూడా కాస్త పెరిగింది. ఒక్కోసారి శాంపిల్ తేడావల్ల కూడా ఇలా వస్తుంది, అందుకే మళ్లీ రక్తం తియ్యాలి. కానీ దాన్ని నమ్ముకుని ఊరుకోలేం. మీకు నీరసంగా గానీ, కాళ్లు బరువుగా గానీ ఉందా?"

"ఉందండీ. ఎండ వల్లేమో అనుకుంటున్నాను."

"కొబ్బరినీళ్లు తాగుతున్నారా?"

"పూటకొకటి."

"అది ఆపండి. నేనిచ్చిన మాత్ర పొటాషియాన్ని ఒంట్లోనే ఉంచుతుంది. మీ కిడ్నీలు ఇప్పటికే కాస్త నలిగి ఉన్నాయి, బయటికి పంపలేవు. అయినా బోండాల వల్లే ఇంత పెరగదు. ఇంట్లో వంటకి ఏ ఉప్పు వాడుతున్నారు? మామూలుదేనా, సోడియం తక్కువని అమ్మే ప్యాకెట్టా?"

ఫోన్ గొంతు బయటికి వినపడుతోంది. కనకలక్ష్మి వంటింట్లోకి వెళ్లి ప్యాకెట్ పట్టుకొచ్చింది. పైన ఎర్రటి గుండె బొమ్మ. వెనక ఎక్కడో చీమల్లాంటి అక్షరాలు. ఆమె వాటిని కళ్లకు దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుని చదివింది. ఒక చోట ఆగిపోయింది. అక్కడ పొటాషియం అని ఉంది.

ప్యాకెట్ ఆయన కేసి చాపింది. పొద్దుటి నుంచీ రాని ఏడుపు ఇప్పుడు ముఖమంతా కమ్మేసింది.

"హలో? వింటున్నారా? ఆ ఉప్పు ఎవరు తెచ్చారు, ఎన్నాళ్లుగా వాడుతున్నారు, నాకు కచ్చితంగా తెలియాలి."

కోటేశ్వరరావు భార్య ముఖం చూశాడు. మధ్యాహ్నం నుంచీ అనకుండా దాచుకున్న మాటలు ఆయన నోట్లో చాలానే ఉన్నాయి. అనటానికి ఇదే సమయం.

"నేనే తెచ్చానండీ," అన్నాడు. "రెండు వారాలు. మంచిదని ఎవరో చెప్తే నేనే తెచ్చి ఇంట్లో ఇచ్చాను. ఆవిడకేం తెలియదు."

"సరే, ఎవరైతేనేం. ఆ ఉప్పు పక్కన పెట్టండి. రేపటి మాత్ర వేసుకోకండి. ఇప్పుడే బయల్దేరి రండి, పొటాషియం ఇంత ఉంటే గుండె లయ తప్పొచ్చు, ఇసిజి తియ్యాలి. గుండె ఎలా కొట్టుకుంటోందో చూస్తేగానీ ఏదీ చెప్పలేను. నడిచి రావద్దు, బండి నడపద్దు."

ఫోన్ పెట్టేశాడు. కనకలక్ష్మి ఆయన చేతిలోని గ్లాసు లాక్కుని, మిగిలిన మజ్జిగ పెరట్లో పారబోసింది. మణెమ్మను ఆటో పిలవమని కేక వేసింది.

"ఎందుకు అబద్ధం చెప్పారు?" అంది తిరిగొచ్చి.

"మూడేళ్లు నువ్వు చెప్పావుగా. నేనొక్కసారి చెప్పకూడదా?" అన్నాడు. "పద."

అరుగు అంచు పట్టుకుని లేవబోయాడు. చేతులు లేచాయి. కాళ్లు లేవలేదు.